డిప్‌స్టిక్ లేని కారులో ఒక క్వార్ట్ పోశాక కూడా మెసేజ్ పోకపోతే

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2013 బీఎండబ్ల్యూ 328ఐ నాది. ఇంజిన్ ఆయిల్ మినిమమ్‌లో ఉంది, ఒక క్వార్ట్ పోయమని మెసేజ్ వచ్చింది. బానెట్ తీస్తే డిప్‌స్టిక్కే లేదు! నిన్న సాయంత్రం ఒక క్వార్ట్ పోశాను, స్టార్ట్ చేస్తే మెసేజ్ అలాగే ఉంది. ఇంకోటి పోయాలా? ఉండేది ఫ్రిస్కో, టెక్సస్.

జవాబు:

పోయకండి. ముందు కారుతో కొలిపించండి, ఆ తర్వాతే రెండో బాటిల్ సంగతి. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇదే 328ఐతో, సరిగ్గా మీ పరిస్థితిలోనే, నేను రెండోది కూడా పోసేశాను. పోయడానికి పది నిమిషాలు పట్టింది, తీయించడానికి ఒక శనివారం మొత్తం పోయింది.

మెసేజ్ పోకపోవడానికి కారణం చాలా మామూలుది. కొలిచే సెన్సర్ ఇంజిన్ అడుగున, ఆయిల్ పాన్‌లో ఉంటుంది. అది కింది నుంచి పైకి అల్ట్రాసౌండ్ పంపుతుంది, అది ఆయిల్ పైభాగానికి తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మట్టం లెక్కగడుతుంది. కారు కదులుతుంటే పాన్‌లో ఆయిల్ ఊగుతూనే ఉంటుంది కదా, అందుకని ఒక్క కొలతను నమ్మకుండా చాలాసేపు కొలిచి సగటు తీస్తుంది. మాన్యువల్ ప్రకారం కొత్త రీడింగ్ రావాలంటే దాదాపు అరగంట నడపాలి. అంతకన్నా తక్కువ దూరం తిరిగితే, గతంలో ఎప్పుడో చేసిన పొడుగాటి ప్రయాణం తాలూకు రీడింగే మళ్లీ చూపిస్తుంది. అంటే నిన్న మీరు స్టార్ట్ చేయగానే చూసింది ఆయిల్ పోయకముందు లెక్క. డిప్‌స్టిక్ అలవాటున్న వాళ్లందరం ఇక్కడే బోల్తా పడతాం. అక్కడైతే పోసిన నిమిషాలకే పుల్లను తుడిచి ముంచితే తెలిసిపోయేది.

అరగంట నడిపే బదులు కారునే కొలవమని అడగొచ్చు. ముందు ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, కాబట్టి ఓ ఇరవై నిమిషాలు ఎలాగూ తిరిగి రావాలి. తర్వాత చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, గేర్ P లో పెట్టండి (మాన్యువల్ గేర్ అయితే న్యూట్రల్, క్లచ్ మీద కాలు వద్దు). యాక్సిలరేటర్ తొక్కకండి. ఐడ్రైవ్‌లో Vehicle Info, అందులో Vehicle status, అందులో Measure engine oil level, తర్వాత Start measurement నొక్కండి. ఇంజిన్ స్పీడ్ కొంచెం పెరుగుతుంది, కంగారు పడొద్దు. దాదాపు ఒక నిమిషంలో స్కేలు మీద మట్టం ఎక్కడుందో చూపిస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నా, నేల వాలుగా ఉన్నా ఆ కొలత పనికిరాదు.

ఈ వాలు అనేదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మన ఇళ్ల డ్రైవ్‌వేలు చాలావరకు రోడ్డు వైపుకి వాలుగానే ఉంటాయి. నేను రెండోసారి పోసింది అక్కడే. మెసేజ్ పోలేదు, స్టేటస్‌లో ఇంకా మినిమమ్ అనే ఉంది, మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాలి. టెన్షన్‌లో ఇంకో క్వార్ట్ కుమ్మరించాను. మర్నాడు హైవే ఎక్కి అరగంట అయ్యిందో లేదో, ఆయిల్ మట్టం మరీ ఎక్కువగా ఉందని మెసేజ్. అప్పుడు తీరిగ్గా కూర్చుని లెక్క వేశాను. ఒక క్వార్ట్ అంటే 946 మిల్లీలీటర్లు, రెండు కలిపితే దాదాపు 1.9 లీటర్లు. ఈ ఇంజిన్‌లో మినిమమ్ గీతకీ మాగ్జిమమ్ గీతకీ మధ్య ఉండేది సుమారు ఒక లీటరే. అంటే మొదటి బాటిల్‌తోనే దాదాపు పైగీతకి చేరింది, రెండోది మొత్తం అదనం.

ఆయిల్ ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోవద్దు. తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆ ఆయిల్‌ని తాకి నురగ కొట్టేస్తుంది, నురగ సరిగ్గా ప్రెషర్ ఇవ్వదు. క్రాంక్‌కేస్ గాలి బయటకి వెళ్లే దారిలో ఆయిల్ తుంపర కూడా ఇన్‌టేక్‌లోకి వెళ్లి కాలుతుంది, చివరికి దెబ్బ పడేది క్యాటలిటిక్ కన్వర్టర్ మీద. మాన్యువల్ కూడా మట్టం ఎక్కువైతే వెంటనే చూపించమనే చెబుతుంది. నా కారు పొగ వదలలేదు, శబ్దమూ రాలేదు. అయినా ఇక నడపకుండా పక్కన పెట్టాను.

తీయించడం ఎందుకు కష్టమంటే, డిప్‌స్టిక్ లేదు కాబట్టి దాని గొట్టం కూడా లేదు. వేరే కార్లలో ఆ గొట్టంలోకి సన్నటి పైపు దించి చేతి పంపుతో పీల్చేస్తారు. ఇక్కడ ఆ దారి లేదు, కారు పైకి లేపి కింద డ్రెయిన్ బోల్టు విప్పాల్సిందే. విప్పాక ధార ఎంత జోరుగా వస్తుందంటే, తొమ్మిది వందల మిల్లీలీటర్ల దగ్గర ఆపడం ఎవరి వల్లా కాదు. మా దగ్గరి మెకానిక్ ఆ ప్రయత్నమే చేయలేదు. దాదాపు రెండు లీటర్లు వదిలేసి, కొత్త వాషరుతో బోల్టు బిగించి, తీసిందాన్ని కొలిచి, 1.1 లీటరు కొత్త ఆయిల్ పోశాడు. అందుకోసం ఇంకో రెండు బాటిళ్లు కొన్నాను, నా ఖర్మ. వేడెక్కించి చదునైన చోట కొలిపిస్తే స్కేలు మాగ్జిమమ్‌కి కాస్త కింద ఆగింది.

కాబట్టి మీరు ఈ రోజు ఓ చక్కర్ కొట్టి వచ్చి కొలిపించండి. స్కేలు పైసగంలో ఉంటే ఇంకేం చేయనక్కర్లేదు. నిజంగానే ఇంకా కిందే ఉంటే సగం బాటిల్ పోసి, మళ్లీ కొలిపించి, అప్పుడు మిగతాది. పోసేటప్పుడు ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, గరాటు పెట్టి నెమ్మదిగా పోయండి. మూత గట్టిగా తిప్పడం మర్చిపోవద్దు, వదులుగా ఉంటే గాలి లాగి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఆయిల్ విషయంలో బాటిల్ వెనక బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01 ఆమోదం ఉందో లేదో చూడండి. 5డబ్ల్యూ-30 అని ఉంటే చాలనుకోకండి, అదే నంబరుతో ఆ ఆమోదం లేనివి కూడా పక్కపక్కనే అమ్ముతారు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మీకొచ్చింది మట్టం గురించిన మెసేజ్, దానికి తీరిక ఉంటుంది, 125 మైళ్ల లోపు పోయమని మాన్యువల్ చెబుతుంది. ఎర్ర రంగులో ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే మాత్రం పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. మట్టం సెన్సర్‌కి ప్రెషర్ సంగతి తెలియదు, ప్రెషర్‌కి వేరే సెన్సర్ ఉంటుంది. కొలిచి చూస్తే ఆయిల్ నిండుగా ఉన్నా సరే, ఎర్ర లైటు మీద నడపకూడదు.

సెకండ్ హ్యాండ్ కారు అన్నారు కాబట్టి ఇంకొకటి. పోసిన రోజు ఓడోమీటర్ రీడింగ్ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. నాది దాదాపు నాలుగు వేల మైళ్లకి ఒక క్వార్ట్ తాగుతుంది, నేను పట్టించుకోవడం లేదు. మీది వెయ్యి మైళ్ల లోపే మళ్లీ అడిగితే కింద నేల మీద మరకలు, కారు ఆపాక కాలిన ఆయిల్ వాసన ఉన్నాయేమో చూడండి. ఉంటే మెకానిక్‌ని ముందుగా వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ చూడమనండి.