ప్యాకెట్టుపై నరసాపురం లేసు డిజైను
మా కొబ్బరి మిఠాయిల పెట్టెపై నరసాపురం లేసు డిజైను అచ్చు వేయవచ్చా?

వేయవచ్చు, కానీ ఆ అచ్చును 'నరసాపురం లేసు' అని చెప్పుకోకూడదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పేరు, అక్కడి మహిళలు దారంతో, కొక్కెం సూదితో చేత్తో అల్లే లేసుది. యంత్రపు అచ్చుకు ఆ పేరు తగిలిస్తే కొనేవారు మోసపోతారు, అల్లేవారు నష్టపోతారు.

ఉదాహరణకు, రాజోలులో ఒక మిఠాయి కొట్టు ఉందనుకోండి. అల్లే మహిళతో కొత్త నమూనా చేయించి, అచ్చు వేసుకునే హక్కుకు కూలి కాక విడిగా చెల్లించి, ఆమె ఒప్పుకుంటే పెట్టెపై ఆమె పేరు వేయడం సరైన పద్ధతి. ఆమెను గుడిసె ముందు దిగులుగా కూర్చోబెట్టి ఫోటో తీయడం మాత్రం అన్యాయం. అందులో కనిపించేది పేదరికమే, పనితనం కాదు.

గుర్తింపు వస్తే పువ్వుల, ఆకుల అల్లికలపైనా హక్కు వచ్చేసినట్టేనని చాలామంది పొరబడతారు. అది కాపాడేది పేరునే. పాత నమూనాను అచ్చు వేసేటప్పుడు అల్లేవారిని అడగడం, వారికి వాటా ఇవ్వడం మీ చేతుల్లోనే ఉంటుంది.