తాత ఆపితే పాప ఆగిపోతోంది

"మాది తిరుపతి. మా మామయ్యకు 76 ఏళ్లు. చూపు మందగించింది. రోజూ సాయంత్రం దీపం పెట్టాక, ఏడో తరగతి చదివే మా పాపతో తిక్కన విరాటపర్వం చదివించుకుంటారు. ఒక్క అక్షరం తప్పినా 'మళ్లీ మొదటి నుంచి' అంటారు. వారంగా పాప ట్యూషన్ ఉందని అబద్ధం చెప్పి తప్పించుకుంటోంది. ఆయనేమో పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నారు. ఎవరికి నచ్చజెప్పాలి?" – ఒక కోడలు

ముందు మామయ్యగారికే. అయితే మీరు వద్దు, మీ ఆయన చేత చెప్పించండి. మీరు చెబితే కూతుర్ని వెనకేసుకొస్తున్నట్టు ఉంటుంది. అదీ పుస్తకం తెరిచిన వేళ కాదు, పొద్దున కాఫీ తాగేటప్పుడు.

పాప తప్పులు అశ్రద్ధవల్ల వస్తున్నవి కావని ఆయనకు తెలియాలి. ఉత్తర గోగ్రహణంలో భీష్ముడి పద్యం ఉంది కదా, 'వచ్చినవాఁడు ఫల్గుణుఁ డవశ్యము' అని మొదలయ్యేది. అచ్చులో 'డవశ్యము' విడిగా కనబడుతుంది. బడి పుస్తకాలే తెలిసిన పిల్ల అదేదో కొత్త మాట అనుకుని తడబడుతుంది. 'ఫల్గుణుడు, అవశ్యము' అని విడదీసి చూపితే అర నిమిషంలో తెలిసిపోతుంది. ఇక అరసున్న. పాప దాన్ని నిండుసున్నలా పలికితే గణం చెడుతుంది. పద్యాలు నోటికొచ్చిన మనిషికి అది చెవిలో ముల్లు గుచ్చినట్టే! ఆయన కోపంలోనూ తప్పులేదు.

అందుకని చదివే వరుస మార్చండి. పద్యం మొదట తాతే పాడాలి, పాప అక్షరాల వెంట వేలు నడపాలి. రెండోసారి ఇద్దరూ కలిసి చదవాలి. పాప తప్పితే ఆయన మనసులో ఐదు లెక్కపెట్టాలి. అప్పటికీ తను దిద్దుకోకపోతే ఆ మాట ఒక్కటే చెప్పాలి, పాప ఒకసారి అని ముందుకు పోవాలి. వెనక్కి వెళ్లేది లేదు. మధ్యలో వచ్చే వచనం పాప ఒక్కతే చదువుతుంది, ఎక్కడైనా ఆగితే తప్ప తాత కల్పించుకోకూడదు. పావుగంట చాలు.

మొదటి వారం ఆయన ఐదు దాకా ఆగలేరు, రెండుకే అందుకుంటారు. గొడవ పెట్టుకోకండి. పాప తనంతట తాను వెనక్కి వచ్చి మాట సరిచేసుకోవడం మొదలైందంటే పద్ధతి పట్టుబడినట్టే.

ట్యూషన్ అబద్ధం సంగతి మీరూ పాపా విడిగా మాట్లాడుకోండి, తాత ముందు ఎత్తకండి. ఆయన కళ్లు ఒకసారి డాక్టరుకు చూపించండి. శుక్లాలైతే ఆపరేషన్‌తో చూపు మెరుగుపడొచ్చు. ఈలోగా ఆ పేజీలు పెద్దక్షరాల్లో జెరాక్స్ తీయిస్తే ఇద్దరికీ సుఖం.

మీ చిత్తూరు వైపు పల్లెల్లో 18 రోజుల భారతం పెడతారు కదా, పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక మధ్యాహ్నం తాతనూ మనవరాలినీ హరికథకు పంపండి. హరిదాసు పద్యం పాడి, విడదీసి, అర్థం చెప్పి కథలోకి వస్తాడు. పాప ఎలా వింటోందో మామయ్యగారు పక్కనే కూర్చుని చూస్తారు.