అనుబంధమా, పరిశిష్టమా?

సందేహం: నేనొక ఫాంటసీ నవల రాశాను. మొదట ఆ లోకపు పటం, చివర నేను కల్పించిన 140 మాటలకు గ్లాసరీ, రాజుల వంశవృక్షం పెట్టాను. చదివిన మిత్రులు కొందరు ఇవన్నీ పుస్తకానికి బరువే, తీసెయ్యమంటున్నారు. ఉంచాలా? ఉంచితే అనుబంధం అనాలా, పరిశిష్టం అనాలా? గ్లాసరీకి మన మాట ఏది?

సమాధానం: పేర్ల నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి కొంత జవాబు ఉంది. పరిశిష్టం అంటే మిగిలిపోయినది. బాలవ్యాకరణం చెప్పకుండా వదిలినవాటిని బహుజనపల్లి సీతారామాచార్యులు ‘త్రిలింగ లక్షణ శేషం’లో చెప్పారు. ఆ శేషంలోనూ ఈ పరిశిష్టంలోనూ ఉన్నది ఒకే ధాతువు. అనుబంధం అంటే వెంట కట్టినది. సంస్కృత వ్యాకరణంలో ధాతువులకూ ప్రత్యయాలకూ తగిలించే గుర్తు అక్షరాలను కూడా అనుబంధాలే అంటారు. అవి ప్రక్రియను నడిపిస్తాయి, తయారైన పదంలో మాత్రం కనిపించవు.

మీ వంశవృక్షం ఈ రెండో అర్థంలో అనుబంధం కావచ్చు. రాస్తున్నంతసేపూ మిమ్మల్ని నడిపించి ఉంటుంది. కథలో ఆ తాతలెవరూ పనిచేయకపోతే దాన్ని అచ్చువెయ్యనక్కర్లేదు. కథలో పట్టక మిగిలిన మంచి కథనం ఉంటే అది పరిశిష్టం, దాన్ని ఉంచండి. టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో సంపుటం 1955 అక్టోబరు దాకా ఆలస్యమవడానికి ఒక ముఖ్య కారణం దాని చివరి ఆరు అనుబంధాలు. అరగోర్న్, ఆర్వెన్‌ల ప్రేమకథ మొదటి అనుబంధంలోనే ఉంది. అది చదవనివారికి ఆర్వెన్ చివరికి ఏమైందో తెలియదు. అందుకే ఆ పేజీలు బరువు అని నేను ఒప్పుకోను.

పటానికి నా పరీక్ష ఒకటే: పాత్రలు దారి ఎంచుకునే ఘట్టం ఏదైనా ఉందా? టోల్కీన్ నవలలో ప్రయాణికుల ముందు ఉత్తర దక్షిణాలుగా గోడలాంటి పర్వతశ్రేణి ఉంటుంది. దాన్ని ఎక్కి దాటాలి, లేదా కింద మోరియా గనుల చీకటిలోంచి వెళ్లాలి, లేదా దక్షిణంగా చుట్టుతిరిగి శత్రువు కోట పక్కనుంచి పోవాలి. మంచు తుఫాను మొదటి దారి మూసేశాక వాళ్ల భయమెంతో పటం చూస్తేనే పూర్తిగా అందుతుంది. మీ నవలలో అలాంటి ఘట్టం లేకపోతే పటం అలంకారమే.

ఇక గ్లాసరీ. ఇంగ్లీషు పుస్తకాలను చూసి అలాగే పెట్టుకుంటే తెలుగులో అది పనిచేయదు. మన నామవాచకం వాక్యంలోకి వచ్చేసరికి రూపు మారుతుంది. ‘జేళ్లు కొండ దిగాయి’ అని మీరు రాశారనుకుందాం. పాఠకుడు చివరి పేజీలు తిప్పి ఏ మాట కింద వెతకాలి? గుడి గుళ్లవుతుంది, ఊరు ఊళ్లవుతుంది, కాలు కాళ్లవుతుంది. కాబట్టి ఏకవచనం జేడి కావచ్చు, జేరు కావచ్చు, జేలు కావచ్చు. మనకు తెలిసిన మాటల్లో ఈ చిక్కు ఉండదు, ఊళ్లు చూడగానే ఊరు తోస్తుంది. కల్పించిన మాటకు ఆ జ్ఞాపకం లేదు. పాఠకుడు రెండుసార్లు వెతికి మూడోసారి మానేస్తాడు, మీ మిత్రుల విసుగుకు కారణం ఇదే అయ్యుండవచ్చు.

దీనికి మందు ఉంది. కొత్త మాటను మొదటిసారి ఏకవచనంలో, విభక్తి చేరని రూపంలో, అది చేసే పనితో కలిపి వాడండి: ‘జేరు ముట్టెతో మంచు తవ్వి గడ్డి మేస్తోంది.’ అది జంతువని, చలిప్రాంతంలో ఉంటుందని, దాని పేరు జేరు అని ఒక్క వాక్యంలో తెలిసింది. ఆ తరవాత జేళ్లు ఎన్ని వచ్చినా బాధ లేదు. పట్టికలో మాత్రం ‘జేళ్లు – జేరు చూ.’ అని ఒక ఆరోపం అదనంగా వెయ్యండి, మన నిఘంటువుల పద్ధతిలో. ‘నిప్పుకాపరి’ లాంటి సమాసాలు మీ జాబితాలో ఉంటే కొట్టేయండి, వాటి అర్థం వాటిలోనే ఉంది. ఇలా జల్లిస్తే మీ 140లో చాలా పోతాయి.

ఉచ్చారణ సూచనలు కూడా పెట్టి ఉంటే తీసేయండి. టోల్కీన్‌కు అవి అవసరమయ్యాయి. ఇంగ్లీషు లిపిలో రాసిన ఒక పేరును పాఠకులు సెలెబోర్న్ అని తప్పుగా చదువుతారేమోనని, ‘సి’ అక్షరం ఎక్కడున్నా ‘క’ అని ఆయన ఒక అనుబంధంలో చెప్పాల్సి వచ్చింది. మనం కెలెబోర్న్ అని రాస్తే పని అయిపోయింది. (అనువాదకులు మాత్రం ఆ అనుబంధం చదివి తీరాలి, లేకపోతే తప్పు పేరే తెలుగులో స్థిరపడుతుంది.)

గ్లాసరీకి పదసూచిక అని కొందరు వేస్తున్నారు. అది పొరపాటు. పదసూచిక ఏ మాట ఏ పేజీలో ఉందో చూపిస్తుంది. అర్థాలు చెప్పేదానికి పదవివరణ సరిపోతుంది. కావ్యాల ముద్రణల్లో అలవాటైన లఘుటీక అన్నా నాకు ఇష్టమే.