పగిలిన లెదర్ బ్యాగ్‌కి కండిషనర్ పనిచేస్తుందా?

"అల్మారాలో ఏళ్ల తరబడి ఉండిపోయిన లెదర్ బ్యాగ్ ఎండిపోయి పగుళ్లొచ్చింది, లెదర్ కండిషనర్ రాస్తే బాగవుతుందా అండి?"

ముందు పగులు దగ్గర కొంచెం వంచి చూడండి. పైన సన్నటి గీతలే ఉండి లోపల తోలు గట్టిగా ఉంటే బాగవుతుంది. పొర ఊడి కింద బట్ట కనిపిస్తే మాత్రం అది రెక్సిన్, దానికి కండిషనర్ ఇంకదు, వదిలేయండి.

అసలు తోలే అయితే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పిండేసిన తడిబట్టతో తుడిచి, ఎండ తగలకుండా నీడలో పూర్తిగా ఆరనివ్వండి. మురికి మీదే రాస్తే అది లోపలికి పోయి మచ్చలు పడతాయి. తర్వాత అడుగున కనపడని చోట కొంచెం రాసి చూడండి, ఎందుకంటే చాలా కండిషనర్లు రంగు ముదురు చేస్తాయి. పర్లేదనిపిస్తే కాటన్ బట్టతో చాలా పల్చగా రాసి రాత్రంతా వదిలి, పొద్దున మిగిలింది తుడిచేయండి. ఇంకా బిరుసుగా ఉంటే మళ్లీ ఒక పల్చటి కోటు, అంతేగానీ ఒకేసారి దట్టంగా పట్టిస్తే జిడ్డుగా అయిపోయి బ్యాగ్ షేపే పోతుంది. కొబ్బరినూనె అసలొద్దు.

ఒకటి మాత్రం నిజం, తెగిన తోలు పోగులు మళ్లీ అతుక్కోవు, కండిషనర్ మెత్తదనం ఇస్తుంది గానీ పగులు మూయదు. రాశాక కూడా వంచితే పగులు నోరు తెరుస్తుంటే, లేదా హ్యాండిల్ మొదట్లో కుట్టు దగ్గర చిరుగుతుంటే లెదర్ రిపేర్ చేసేవాళ్లకి ఇవ్వండి, ఆ ముక్క మార్చాల్సిందే. చేతికి ఎర్రటి పొడి అంటుతుంటే తోలే కుళ్లిపోతున్నట్టు, రిపేర్‌కి కూడా నిలవదు.