పేరాని ఎక్కడ విరగ్గొట్టాలి - ఒక యువ రచయితకి

తమ్ముడూ,

చంద్రుడి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను, విషయం బాగా సేకరించావు గానీ మొదటి పేరానే పేజీ దాటి పోయింది. "పేరా పెద్దదైంది, ఎక్కడ కట్ చేయమంటారు" అని అడిగావు కదా, సగానికి సగం కొలిచి ఎంటర్ కొట్టడం మాత్రం వద్దు. పేరా పొడుగ్గా ఉండటం అసలు సమస్య కాదు, అందులో మూడు ప్రశ్నలకి జవాబులున్నాయి, ఒక్క ప్రశ్న కూడా పైకి కనిపించట్లేదు, అదీ సమస్య.

ముందు ఈ పని చెయ్యి. ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో అది ఏ ప్రశ్నకి జవాబో రెండు మూడు మాటల్లో రాసుకో. నీ పేరాకి నేను రాసి చూశాను. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు, తన చుట్టూ తాను తిరగడానికీ భూమి చుట్టూ తిరగడానికీ ఒకటే టైం, సుమారు 27 రోజులు, ఇవి రెండూ "ఒకే ముఖం ఎందుకు". తర్వాత 1959లో లూనా 3 అనే అంతరిక్ష నౌక చంద్రుడి అవతలి వైపు ఫోటోలు తీసిందన్న వాక్యం వచ్చింది. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, సంవత్సరం కనిపించగానే కొత్త సంగతి మొదలైందనుకుని కట్ చేసేస్తారు. కానీ మనకి కనిపించని ముఖం గురించే కదా అది, అదే ప్రశ్నలో భాగం, పైనే ఉండనీ.

ఆ తర్వాత చంద్రుడి ఆకర్షణకి సముద్రం నీళ్ళు ఉబ్బుతాయి అన్నావు, చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు వస్తుందన్నావు. ప్రశ్న మారింది, మొదటి కట్ ఇక్కడ, ఇందులో డౌట్ లేదు.

కష్టమైంది రెండో కట్. "దీనివల్ల భూమి తిరిగే వేగం తగ్గుతోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు" అని రాశావు. ఇక్కడా ప్రశ్న మారింది, పోటు ఎందుకొస్తుందన్నది అయిపోయి పోటు వల్ల ఏం జరుగుతోందన్నది మొదలైంది. కానీ ఉన్నదున్నట్టు విడగొడితే కొత్త పేరా "దీనివల్ల" తో మొదలవుతుంది, దేనివల్ల అని చదివేవాడు మళ్ళీ పైకి వెళ్ళి వెతుక్కోవాలి. అందుకే కట్ చేశాక కొత్త పేరా మొదటి వాక్యాన్ని ఒంటరిగా చదివి చూడు. అందులో "ఇది", "అక్కడ", "అందుకే" లాంటివి గాల్లో వేలాడుతుంటే, అయితే కట్ తప్పు, లేదా ఆ మాట బదులు అసలు పేరు పెట్టాలి. నీ దగ్గర కట్ కరెక్టే, పేరు పెడితే చాలు.

పేరు పెట్టే ఆ వాక్యాన్నే టాపిక్ సెంటెన్స్‌గా, అంటే పేరా దేని గురించో మొదట్లోనే చెప్పే వాక్యంగా మార్చెయ్యొచ్చు. మార్జిన్‌లో రాసుకున్న ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు చెప్పు, అంతే: "ఆటుపోట్ల రాపిడి భూమిని నెమ్మదింపజేస్తోంది, చంద్రుణ్ణి దూరం జరుపుతోంది." రెండో పేరాకి "సముద్రంలో ఆటుపోట్లకి ముఖ్య కారణం చంద్రుడే" సరిపోతుంది. మొదటి పేరాకి కొత్తగా ఏం అక్కర్లేదు, నీ మొదటి వాక్యమే ఆ పని చేస్తోంది. "ఇప్పుడు ఆటుపోట్ల గురించి తెలుసుకుందాం" అని మాత్రం రాయకు, అది ప్రకటనే గానీ ఏమీ చెప్పదు. "చంద్రుడికీ భూమికీ విడదీయరాని అనుబంధం ఉంది" కూడా వద్దు, అది ఈ మూడు పేరాల్లో దేనికి తగిలించినా అతుక్కుంటుంది, అంటే దేనిదీ కాదన్నమాట.

టాపిక్ సెంటెన్స్ పెట్టాక ఇంకో లాభం ఉంది, దారి తప్పిన వాక్యాలు దొరికిపోతాయి. 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద అద్దాలు పెట్టారన్న వాక్యం నువ్వు లూనా 3 పక్కన పెట్టావు, రెండూ అంతరిక్ష యాత్రలే కదా అని కాబోలు. కానీ ఆ అద్దాల మీదకి లేజర్ పంపే కదా చంద్రుడు ఎంత దూరం జరుగుతున్నాడో కొలిచేది, కాబట్టి దాన్ని మూడో పేరాలో 3.8 సెంటీమీటర్ల పక్కకి తీసుకురా, అప్పుడు ఆ అంకె ఎలా వచ్చిందో కూడా తెలుస్తుంది.

అలాగని రెండు వాక్యాలకొకసారి విరగ్గొట్టకు. పక్కపక్క పేరాలకి మార్జిన్‌లో ఒకే ప్రశ్న వచ్చిందంటే కలిపెయ్యి. ఇదంతా వ్యాసాల సంగతి, కథలో సంఘటనలు వరసగా నడుస్తున్నప్పుడు ప్రతి పేరాకీ టాపిక్ సెంటెన్స్ పెడితే కథ పాఠంలా తయారవుతుంది.

రెండో పేజీలో పౌర్ణమి, అమావాస్యల పేరాకీ ఇదే రోగం. గ్రహణం సంగతి మొదలైన చోట కట్ చేసి, "చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్లే ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు" అన్న వాక్యాన్ని చివర నుంచి తెచ్చి మొదట్లో పెట్టు. అది నువ్వు రాసిందే, చోటు మారితే చాలు. మిగతా పేరాలకి మార్జిన్ నోట్స్ రాసి, కట్ చేయకముందే నాకు పంపు, ప్రశ్నలు సరిగ్గా పట్టుకున్నావో లేదో చూస్తాను.

ప్రేమతో,
మీ అన్నయ్య