నిలబడి తిరిగేటప్పుడు పాదాలు జారుతున్నాయి: యానిమేషన్ మానేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. డిగ్రీ అయ్యాక విజయవాడలో గేమ్ యానిమేషన్ కోర్సు చేశాను. అన్‌రియల్‌లో చేసిన నా షోరీల్‌లో క్యారెక్టర్ నిలబడి పక్కకు తిరిగేటప్పుడు పాదాలు జారుతున్నాయని ఇంటర్వ్యూలో అన్నారు. నాకు యానిమేషన్ రాదనుకుని ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలా?

జవాబు: ఇప్పుడే ఆ నిర్ణయం వద్దు. తప్పు మీ కీఫ్రేముల్లో ఉందో, ఇంజిన్‌లో పెట్టిన లెక్కలో ఉందో ముందు తేల్చుకోండి.

ఆటగాడు కెమెరాను కుడివైపు 70 డిగ్రీలు తిప్పాడనుకుందాం. క్యారెక్టర్‌ను మోసే కనిపించని గొట్టం లాంటి ఆకారం, అంటే క్యాప్సూల్, వెంటనే 70 తిరుగుతుంది. పాదాలు ఉన్నచోటే ఉండాలంటే అస్థిపంజరం మొత్తానికి మూలమైన రూట్ బోన్‌ను అంతే వెనక్కి, అంటే −70 తిప్పి పెట్టాలి. ఈ అంకెనే రూట్ ఆఫ్‌సెట్ అందాం. ఛాతీ, తుపాకీ మాత్రం కెమెరా వైపే చూడాలి కాబట్టి ఆ 70 డిగ్రీల మెలికను వెన్నెముక ఎముకలకు పంచుతాం. ఒక్క ఎముకకే ఇస్తే నడుం పిండేసినట్టు కనిపిస్తుంది.

ఈ మెలిక మీరు పెట్టుకున్న హద్దు, ఉదాహరణకు 60 డిగ్రీలు, దాటగానే కుడివైపు 90 డిగ్రీలు తిరిగే క్లిప్ మొదలవుతుంది. బరువు ఎడమ కాలి మీదకు వెళ్తుంది, కుడి పాదం లేచి తెరుచుకుని ఆనుతుంది, తర్వాత ఎడమ పాదం వచ్చి చేరుతుంది. ఈలోగా రూట్ ఆఫ్‌సెట్ −70 నుంచి +20కి చేరుతుంది. ఆ 20 హద్దులోపే ఉంది కాబట్టి నడుం కాస్త అటు తిరిగి ఉన్నా ఫర్వాలేదు, సున్నాకు లాగకండి.

చిక్కు ఎక్కువగా ఇక్కడే వస్తుంది. ఇంకా ఎంత తిరగాలో చెప్పే కర్వ్ 90 నుంచి 0కి దిగాలి, ప్రతి ఫ్రేమ్‌లో దిగినంత మేరకే ఆఫ్‌సెట్ మారాలి. క్లిప్‌లో రూట్ మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, మెల్లగా ఆగుతుంది. మీరు కర్వ్‌ను చేత్తో సరళరేఖగా గీస్తే రెండూ విడిపోయి, నేల మీద ఆనిన పాదం జారుతుంది. కర్వ్‌ను క్లిప్‌లోని రూట్ నుంచే తీయాలి. రూట్‌ను కదపకుండా నడుం ఎముకనే తిప్పి ఉంటే లక్షణం వేరు: తిరిగినంత సేపూ బాగానే ఉండి, క్లిప్ అయ్యాక శరీరం ఒక్కసారి వెనక్కి గెంతుతుంది.

పరీక్ష సులువే. గళ్ల నేల వేసి, కన్సోల్‌లో ఇది టైప్ చేయండి:

```
slomo 0.2
```

ఆనిన పాదం ఒక గడిలోంచి పక్క గడిలోకి పోతోందేమో చూడండి. తర్వాత అదే క్లిప్‌ను మాయా లేదా బ్లెండర్‌లో ఆడించండి. అక్కడ కూడా జారితే కీఫ్రేములు దిద్దాలి. అక్కడ నిలకడగా ఉండి గేమ్‌లోనే జారితే కర్వ్ చూడాలి.

తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకుని దిద్దే పని మీకు నచ్చితే, ప్రోగ్రామింగ్ కోర్సు కన్నా టెక్నికల్ యానిమేటర్ ఉద్యోగాలు చూడండి. కొత్త షోరీల్‌లో జారే వెర్షన్, సరిచేసిన వెర్షన్ పక్కపక్కన పెట్టండి. పాదాలు స్పష్టంగా కనిపించేలా కెమెరా కిందకి దించండి, ఆఫ్‌సెట్ అంకె తెర మీద కనిపించనివ్వండి.