1, 2, 3 అని రాసినంత మాత్రాన అది అంకె అయిపోదు

ప్రశ్న: పరీక్ష మార్కుల మీద హైరార్కికల్ రిగ్రెషన్ చేస్తున్నాను. మూడో స్టెప్‌లో "చదివే పద్ధతి" పెట్టాను (1 = ఒంటరిగా, 2 = గ్రూపుగా, 3 = ట్యూషన్‌తో). ఏమీ సిగ్నిఫికెంట్ రావడం లేదు. స్టెప్పుల వరుస మార్చి చూడనా?

వరుస జోలికి వెళ్లకండి. తప్పు అక్కడ లేదు, ఆ 1, 2, 3లో ఉంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా డిసర్టేషన్‌లో సరిగ్గా ఇదే పొరపాటుతో నాలుగు నెలలు గడిపాను.

నా దగ్గర 120 మంది విద్యార్థుల డేటా ఉండేది, ఒక్కో పద్ధతికి 40 మంది. మొదటి స్టెప్‌లో వాళ్ల పాత మార్కులు, రెండో స్టెప్‌లో వారానికి చదివిన గంటలు, మూడో స్టెప్‌లో చదివే పద్ధతి పెట్టాను. మొదటి స్టెప్‌కు R² 0.34 వచ్చింది, రెండోదానికి 0.41. మూడోదానికి 0.411. పెరిగింది 0.001 మాత్రమే. "పాత మార్కులు, గంటలు లెక్కలోకి తీసుకున్నాక చదివే పద్ధతికి ప్రభావం లేదు" అని ఒక చాప్టర్ మొత్తం రాసేశాను. దాన్ని సమర్థించే వాదనలు కూడా వెతికి పెట్టుకున్నాను.

గైడ్ మేడమ్ ఆ చాప్టర్ చదివి ఒకటే అడిగారు: "పద్ధతి ఒక యూనిట్ పెరిగితే మార్కులు 0.5 పెరుగుతాయని రాశావు. పద్ధతి ఒక యూనిట్ పెరగడం అంటే ఏమిటమ్మా?" నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆవిడ మూడు గ్రూపుల సగటు మార్కులు చెప్పమన్నారు. ఒంటరిగా చదివేవాళ్లకు 58, గ్రూపుగా చదివేవాళ్లకు 66, ట్యూషన్ వాళ్లకు 59. కాగితం మీద మూడు చుక్కలు పెట్టి, వాటి మధ్యగా స్కేలుతో ఒక గీత గీశారు. మధ్య చుక్క ఎక్కడో పైన ఉంది. గీత మాత్రం దాదాపు నేలబారుగా ఉంది.

1, 2, 3 అని ఒకే కాలమ్‌గా ఇస్తే రిగ్రెషన్‌కు అవి పేర్లని తెలియదు. గంటల్ని చూసినట్టే వాటినీ చూస్తుంది. 1 నుంచి 2కు ఎంత తేడా ఉంటుందో 2 నుంచి 3కూ అంతే ఉంటుందని అనుకుని, ఒక్క సరళరేఖ గీస్తుంది. మధ్యలో ఉన్న గ్రూపే మిగతా రెండింటికన్నా బాగా చేస్తే ఆ సంగతి ఆ రేఖకు పట్టదు. గ్రూపు చదువుకు 3, ట్యూషన్‌కు 2 ఇచ్చి ఉంటే అదే డేటాలో పెద్ద ప్రభావం కనిపించేది. కోడ్ బుక్‌లో ఏది ముందు రాశామన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంటే దాన్ని ఫలితం అని ఎలా అంటాం?

ఆ రోజే డమ్మీలు, అంటే 0, 1 మాత్రమే ఉండే కాలమ్‌లు చేశాను. మూడు వర్గాలకు రెండు డమ్మీలు చాలు. గ్రూపుగా చదివేవాళ్లకు మొదటి కాలమ్‌లో 1, మిగతా అందరికీ 0. ట్యూషన్ వాళ్లకు రెండో కాలమ్‌లో 1, మిగతా వాళ్లకు 0. ఒంటరిగా చదివేవాళ్లకు రెండింటిలోనూ 0 వస్తుంది, వాళ్లే రెఫరెన్స్. మూడో డమ్మీ కూడా పెడితే మూడింటి మొత్తం ప్రతి విద్యార్థికీ 1 అవుతుంది. అది ఇంటర్‌సెప్ట్‌లో ఉన్న సమాచారమే కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని తీసేస్తుంది, లేదా ఆ వరుసలో `NA` చూపిస్తుంది.

మూడో స్టెప్‌లో రెండు డమ్మీలూ కలిపి పెడితే R² 0.41 నుంచి 0.47కు వెళ్లింది. F మార్పు (0.06/2) ÷ (0.53/115), అంటే దాదాపు 6.5. p విలువ 0.002 దగ్గర ఉంది. అదే 120 మంది, అవే మార్కులు. చాప్టర్ మాత్రం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది.

గ్రూపు డమ్మీ కోఎఫిషెంట్ 6.8. పాత మార్కులు, గంటలు సమానంగా ఉన్న ఇద్దరిలో, ఒంటరిగా చదివేవాళ్లకన్నా గ్రూపుగా చదివేవాళ్లకు సగటున 6.8 మార్కులు ఎక్కువ అని దానర్థం. ట్యూషన్ డమ్మీ 1.1, సిగ్నిఫికెంట్ కాదు. చాలామంది ఇక్కడ ఇంకో తప్పు చేస్తారు. ఆ 1.1 చూసి ట్యూషన్ డమ్మీని మోడల్ నుంచి తీసేస్తారు. తీసేస్తే ట్యూషన్ వాళ్లు చెప్పాపెట్టకుండా రెఫరెన్స్‌లో కలిసిపోతారు. పోలిక "ఒంటరిగా"తో కాకుండా "గ్రూపు కాని అందరితో" అయిపోతుంది. రెఫరెన్స్‌ను గ్రూపు చదువుకు మార్చి చూడండి: ఒంటరికి −6.8, ట్యూషన్‌కు −5.7 వస్తాయి, నా డేటాలో రెండూ సిగ్నిఫికెంట్. R² మాత్రం అదే 0.47, F మార్పు కూడా అదే. అందుకే పద్ధతికి ప్రభావం ఉందా లేదా అన్నది మొత్తం బ్లాక్‌కు వచ్చిన F మార్పును చూసి తేల్చాలి. ఒక్కో డమ్మీ p విలువ ఆ వర్గానికీ రెఫరెన్స్‌కూ మధ్య తేడా గురించే చెబుతుంది. రెఫరెన్స్‌గా "ఇతరులు" లాంటి కలగాపులగం వర్గాన్నో, పది మంది కూడా లేని వర్గాన్నో పెట్టొద్దు. దానితో పోల్చి ఏం తెలుసుకుంటాం?

స్టెప్పుల వరుస మార్చాలా అన్నారు కదా, ఆ ఆలోచనే నాకు కోపం తెప్పిస్తుంది. మీ మీద కాదు, అలా నేర్పేవాళ్ల మీద. ఏది ముందు, ఏది తర్వాత అన్నది డేటా చూడకముందే తేల్చుకోవాలి. పాత మార్కులు ముందు నుంచీ ఉన్నవి కాబట్టి ముందు వస్తాయి. మన ప్రశ్న పద్ధతి గురించి కాబట్టి అది చివర వస్తుంది. పైగా వరుస మార్చినా చివరి మోడల్‌లో కోఎఫిషెంట్లు ఒక్కటీ మారవు. R² పెరుగుదలను ఏ స్టెప్ ఖాతాలో వేస్తున్నామన్నదే మారుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, హైరార్కికల్ అని రాసి SPSSలో Method దగ్గర Stepwise ఎంచుకునేవాళ్లు. అప్పుడు ఏది ఉండాలో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది, రెండు డమ్మీల్లో ఒకదాన్ని పారేసినా పారేస్తుంది. అక్కడ Enter ఉంచి, ఒక్కో బ్లాక్‌కు Next నొక్కాలి. Statisticsలో R squared change టిక్ చేయాలి.

Rలో అయితే ఇంతే, factor అని చెబితే డమ్మీలు అదే చేసుకుంటుంది:

```
d <- na.omit(d[, c("marks", "previous", "hours", "method")])
d$method <- factor(d$method)
m2 <- lm(marks ~ previous + hours, data = d)
m3 <- lm(marks ~ previous + hours + method, data = d)
anova(m2, m3)
```

మొదటి లైను మర్చిపోవద్దు. ఎవరైనా పద్ధతి ప్రశ్న ఖాళీగా వదిలేసి ఉంటే, రెండో మోడల్‌లో ఉన్న ఆ విద్యార్థి మూడో మోడల్‌లో ఉండడు. వేర్వేరు మనుషుల మీద వచ్చిన రెండు R²లలో ఒకదాని నుంచి ఇంకోటి తీసేసి చూస్తే ఆ తేడాకు అర్థం ఉండదు.

గ్రూపు చదువు వల్లే 6.8 మార్కులు పెరిగాయని మాత్రం నేను రాయలేదు. ఎవరూ వాళ్లను చీటీ తీసి గ్రూపుల్లో వేయలేదు, పద్ధతిని వాళ్లే ఎంచుకున్నారు. పాత మార్కుల్లో కనపడని పట్టుదల లాంటిదేదో వాళ్లను గ్రూపు వైపు నడిపి ఉండొచ్చు.

మీ అవుట్‌పుట్ ఇప్పుడే తెరిచి మూడో స్టెప్ పక్కన df1 చూడండి, ఆ స్టెప్‌లో కొత్తగా చేరిన కాలమ్‌లు ఎన్నో అది చెబుతుంది. మూడు వర్గాలకు అక్కడ 2 ఉండాలి. 1 ఉంటే మీ పద్ధతి ఇంకా అంకెగానే లెక్కలోకి వెళ్తోంది.